చూడనిదాన్ని ‘లేదు’ అని రాయకూడదు

పద్నాలుగు నిమిషాల వీడియో కాల్‌లో డాక్టరూ రోగీ మాట్లాడుకున్నదంతా ఉన్నదున్నట్టు టైపు చేస్తే ఐదారు పేజీలు వస్తుంది. ఆ రోగిని మర్నాడు అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకొస్తే, క్యాజువాలిటీలో ఉన్న డాక్టరుకు అవన్నీ చదివే తీరిక ఉండదు. ఆయనకు కావలసింది ఒక్క పేజీ. బాధ ఏమిటి, ఎప్పుడు మొదలైంది, ఏం వాడమన్నారు, దేన్ని చూడలేకపోయారు అన్నవి అందులో ఉంటే చాలు. ఐదారు పేజీల్ని ఒక పేజీకి దించడం పైకి కత్తిరింపు పనిలాగే కనిపిస్తుంది. కానీ ఆ కత్తిరింపులో ఒక్క మాట జారితే మందు మారిపోతుంది, ఒక్క మాట అదనంగా చేరితే జరగని పరీక్ష జరిగినట్టవుతుంది.

మన దేశంలో ఇలా దూరం నుంచి వైద్యం చేయడానికి 2020 మార్చి 25న విడుదలైన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఆధారం. ఎదురుగా చూసిన రోగికి రికార్డు ఉంచినట్టే వీడియోలో చూసిన రోగికీ ఉంచాలని అవి చెబుతాయి. ఈ-సంజీవని లాంటి ప్రభుత్వ వేదికైనా ప్రైవేటు డాక్టరు ఫోనైనా ఈ నియమం మారదు. అయితే ఆ రికార్డు ఎలా ఉంటే పనికొస్తుందన్నది నియమం చదివితే తేలదు, ఒక సంభాషణను దగ్గర పెట్టుకుని చూడాలి. వానాకాలంలో రోజూ వచ్చే జ్వరం కేసునే తీసుకుందాం. మనుషులు కల్పితం, మాటలు మాత్రం ఇలాంటి కాల్స్‌లో మామూలుగా వినబడేవే.

ఆగస్టు 13, బుధవారం, ఉదయం 11 గంటల 10 నిమిషాలు. ముప్ఫైనాలుగేళ్ళ మహిళ ఇంట్లో మంచం మీద ఉంది. భర్త ఫోను పట్టుకున్నాడు.

డాక్టర్: చెప్పమ్మా, ఏమైంది?

రోగి: జ్వరం మేడం, రెండ్రోజుల నుంచి. ఒళ్ళంతా ఒకటే నొప్పులు. కళ్ళ వెనకాల గుంజేస్తంది.

భర్త: రెండ్రోజులు కాదు మేడం. ఆదివారం పెళ్ళి నుంచి వచ్చామా, ఆ రాత్రే చలేస్తందని దుప్పటి కప్పుకుంది. మా అక్క కొడుక్కి కూడా అక్కడే జ్వరం.

డాక్టర్: ఇప్పుడు ఎంత ఉంది?

భర్త: ఇందాక పది గంటలకి చూశాం. నూటొకటి పాయింట్ ఎనిమిది.

డాక్టర్: వాంతులు?

రోగి: లేవండి. తినబుద్ధి కావట్లేదంతే.

భర్త: పొద్దున కాఫీ తాగి కక్కేశావు కదా.

రోగి: అది ఒక్కసారే.

ఇలా సాగుతుంది. షుగర్, బీపీ లేవంది. మందులేవీ పడకపోవడం లేదంది. ముక్కు నుంచి గానీ చిగుళ్ళ నుంచి గానీ రక్తం రాలేదంది. నిన్న సాయంత్రం నుంచి మూత్రానికి రెండుసార్లే వెళ్ళానంది. చేతి మీద ఎర్రగా ఉందంటే డాక్టరు లైటు దగ్గర పెట్టమన్నారు, పసుపు బల్బు వెలుగులో రంగు తేలలేదు. ఛాతీ కనిపించేలా ఫోను పట్టుకోమని ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి “ఇరవై” అన్నారు. కుడివైపు పక్కటెముకల కింద నొక్కుకుని చూడమంటే, రోగి తనే నొక్కుకుని నొప్పేం లేదంది. అన్నీ అయ్యాక, పదో నిమిషంలో, భర్త ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: “రాత్రి నొప్పులకి తట్టుకోలేకపోతంటే మెడికల్ షాపులో బిళ్ళ ఇచ్చాడు మేడం. వేసుకుంది, తగ్గింది.” పేరేమిటని డాక్టరు అడిగారు. స్ట్రిప్ లేదు, రెండు బిళ్ళలు కత్తిరించి కాగితంలో కట్టి ఇచ్చాడు.

ఆ చివరి మాట కాల్‌లో ఎక్కడ వచ్చిందన్నది ముఖ్యం కాదు, నోటులో ఎక్కడ ఉందన్నది ముఖ్యం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వాడకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పైగా షాపుల్లో ఇచ్చే నొప్పి బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్ కూడా కలిసే ఉంటుంది. పేరు తెలియని బిళ్ళ వల్ల రెండు అనుమానాలు మిగిలిపోతాయి. ప్రమాదకరమైన మందు పడిందా, పారాసిటమాల్ రెండు దారుల్లో పడుతోందా? కాబట్టి ఈ సంగతి నోటులో పైకి రావాలి. మాటలు దొర్లిన వరసలోనే నోటు రాసుకుంటూ పోతే ఇది అడుగున, సెలవు మాటల పక్కన, ఎవరికీ కనబడకుండా ఉండిపోతుంది.

అందుకే మొదటి పని కాలక్రమాన్ని విడగొట్టి, విషయాల వారీగా పేర్చడం. దీనికి 1960లలో అమెరికన్ వైద్యుడు లారెన్స్ వీడ్ చూపించిన పద్ధతి ఇప్పటికీ అన్ని చోట్లా నడుస్తోంది. రోగి చెప్పింది ఒకచోట, డాక్టరు పరీక్షలో తేలింది ఒకచోట, అంచనా ఒకచోట, చేయవలసింది ఒకచోట రాస్తారు. వీడియో సంప్రదింపుకు ఈ నాలుగూ చాలవు. డాక్టరు రోగిని ముట్టుకోలేదు కాబట్టి, తెలుసుకోలేకపోయినవాటికి ఐదో భాగం కావాలి. అసలు చిక్కంతా ఈ ఐదో భాగంతోనే.

ముందు బాధల సంగతి చూద్దాం. రోగి “రెండ్రోజులు” అంది, భర్త “ఆదివారం రాత్రి” అన్నాడు. నోటులో ఏది రాయాలి? భర్త మాటకు ఒక ఆనవాలుంది, పెళ్ళి నుంచి వచ్చిన రాత్రి. కాబట్టి “ఆగస్టు 10 ఆదివారం రాత్రి నుంచి (భర్త చెప్పిన ప్రకారం, రోగి రెండు రోజులన్నారు)” అని రాయాలి. తేడా ఒక్క రోజేగా అనిపిస్తుంది. డెంగీలో ప్రమాద దశ సాధారణంగా జబ్బు మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అదీ జ్వరం దిగుతున్నప్పుడు వస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరడం, బీపీ పడిపోవడం అప్పుడే. మొదలైన తేదీ తప్పితే ఏ రోజున కనిపెట్టుకుని ఉండాలో ఆ లెక్కంతా తప్పుతుంది. “రెండు రోజులు” అని కాకుండా తేదీ వేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నోటును శుక్రవారం చదివేవారికి “రెండు రోజులు” అంటే ఎప్పటి నుంచో మళ్ళీ లెక్క కట్టుకోవాలి.

పెళ్ళి కబురు సంప్రదింపులో పక్కమాటలాగే కనిపిస్తుంది. కానీ దానివల్లే తేదీ తేలింది, అక్కడే ఇంకో పిల్లవాడికి జ్వరం వచ్చిందనీ తెలిసింది. పెళ్ళి ఎవరిది, ఎంతమంది వచ్చారు అన్నవి తీసేయవచ్చు. “వినబడుతోందా”, “ఫోను కొంచెం ఎత్తండి” లాంటివీ తీసేయవచ్చు. ఏ మాటనైనా కొట్టేసే ముందు, ఇది లేకపోతే తర్వాత చూసే డాక్టరు నిర్ణయం మారుతుందా అని ఒకసారి అడిగి చూసుకోవాలి.

వాంతుల దగ్గర ఇంకో రకం చిక్కు. రోగి లేవంది, భర్త ఉన్నాయన్నాడు, రోగి ఒక్కసారే అంది. ఇక్కడ “వాంతులు లేవు” తప్పు, “వాంతులు అవుతున్నాయి” కూడా తప్పే. “ఈ ఉదయం కాఫీ తర్వాత ఒక వాంతి” అన్నది సరైన వాక్యం. డెంగీలో ఆగకుండా అయ్యే వాంతులు ప్రమాద సూచన, ఒక్క వాంతి కాదు. లెక్క పోతే అర్థం పోతుంది. ఇప్పుడు కొన్నిచోట్ల మాటలు వాటంతటవే అక్షరాల్లోకి మారిపోతున్నాయి. అలా వచ్చిన ప్రతిలో “లేవు” అనే చిన్న మాట ఎగిరిపోవడం, అంకెలు తారుమారవడం జరుగుతుంది. కాబట్టి మందు మోతాదు, టెంపరేచరు, తేదీలు, ‘లేదు’ అన్న జవాబులు రికార్డింగు ఉంటే విని, లేకపోతే డాక్టరును అడిగి సరిచూసుకోవాలి.

ఇక అసలు విషయం. నోటులో ‘లేదు’ అనే మాట మూడు రకాల పరిస్థితుల నుంచి వస్తుంది. అడిగితే రోగి లేదనడం ఒకటి. అసలు అడగకపోవడం రెండోది. తెలుసుకోవాలన్నా వీడియోలో వీలుకాకపోవడం మూడోది. రాసేవారు తొందరలో ఈ మూడింటినీ ఒకే గాటన కడతారు.

ఈ కాల్‌లోనే చూడండి. రక్తస్రావం గురించి డాక్టరు అడిగారు, రోగి లేదంది. అది మొదటి రకం, “రక్తస్రావం లేదన్నారు” అని రాయవచ్చు. గర్భం ఉందా, నెలసరి ఎప్పుడు వచ్చింది అన్నది సంభాషణ అంతా వెతికినా ఎక్కడా లేదు. అది రెండో రకం. ముప్ఫైనాలుగేళ్ళ మహిళకు డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఇది అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే గర్భిణులకు డెంగీ ముప్పు ఎక్కువ. నోటు రాసేవారు ఇక్కడ దయతలిచి “గర్భం లేదు” అని నింపకూడదు. ఆ గడిని ఊరికే వదిలేయకూడదు కూడా. “గర్భం గురించి ఈ కాల్‌లో అడగలేదు” అని రాసి డాక్టరుకు చూపించాలి. మూడో రకానికి ఉదాహరణ బీపీ. ఇంట్లో యంత్రం లేదు. “బీపీ చూడలేదు” అని రాయాలి. అది రాయకపోతే చదివేవారు బాగానే ఉండి ఉంటుందనుకుంటారు.

పొట్ట సంగతి ఇంకా సున్నితం. రోగి తనే నొక్కుకుని నొప్పి లేదంది. దీన్ని “పొట్ట మెత్తగా ఉంది, నొప్పి లేదు” అని రాస్తే అది డాక్టరు చేతితో చేసిన పరీక్ష ఫలితంలా చదవబడుతుంది. డాక్టరు చెయ్యి తగిలితే కాలేయం పెరిగిందో లేదో తెలిసేది. రోగి చెయ్యి తగిలితే తెలిసేది నొప్పి ఒక్కటే, అదీ ఆమె ఎంత గట్టిగా నొక్కిందన్నదాన్ని బట్టి. కాబట్టి ఎవరు నొక్కారో నోటులో ఉండాలి. టెంపరేచరుకూ ఇదే సూత్రం: ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు.

డెంగీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన ప్రమాద సూచనలు ఏడు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ లాంటి చోట్ల రక్తం, మగత లేదా స్థిమితం లేకపోవడం. ఈ నాలుగూ అడిగి, చూసి చాలావరకు తెలుసుకోవచ్చు. పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో నీరు చేరడం, కాలేయం పెరగడం, రక్తం చిక్కబడుతూ ప్లేట్‌లెట్లు పడిపోవడం అనే మిగతా మూడింటికీ చేయీ స్టెతస్కోపూ ల్యాబూ కావాలి. ఎంత మంచి కెమెరా పెట్టినా ఈ మూడూ దొరకవు. అందుకే ‘హద్దులు’ అనే భాగంలో “వీడియో పరీక్షకు పరిమితులున్నాయి” అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఈ రోగి విషయంలో ఏది తెలియలేదో పేరుపెట్టి రాయాలి.

సలహా భాగంలో ప్రలోభం వేరు. డాక్టరు చెప్పినదాన్ని మెరుగుపరచాలనిపిస్తుంది. “రేపు ఒకసారి ఫోన్ చెయ్యండమ్మా” అంటే “24 గంటల్లో తిరిగి సంప్రదింపు” అని రాయాలనిపిస్తుంది. కానీ గంట చెప్పలేదు. రేపు అంటే ఆగస్టు 14, అంతవరకే రాయాలి. “డెంగీ కావచ్చు, టెస్టు చేస్తే గానీ చెప్పలేం” అన్నది నోటులో “డెంగీ” అయిపోతే, తర్వాతి చీటీలో అది నిర్ధారణ అయిపోతుంది. అప్పుడు మలేరియా టెస్టు ఎవరూ పట్టించుకోరు.

డాక్టరు ప్రమాద సూచనలు చెబుతుండగా లైన్ తెగింది. “కడుపులో నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, ఎక్కడైనా రక్తం...” దగ్గర నలభై సెకన్లు పోయాయి. మళ్ళీ కలిశాక డాక్టరు “ఆరు గంటలు మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఏరియా ఆసుపత్రికి” అని ముగించారు. ఏం గుర్తుపెట్టుకున్నారో చెప్పమంటే భర్త కడుపునొప్పి, వాంతులు, మూత్రం అని మూడు చెప్పాడు. రక్తం, మగత చెప్పలేదు. నెట్‌వర్కు గొడవలు నోటులోకి రానక్కర్లేదన్నాం, కానీ ఈ నలభై సెకన్లు రావాలి. సలహా ఇవ్వడం, అది చేరడం ఒకటి కావు.

ఇవన్నీ కలిపితే నోటు ఇలా తయారవుతుంది.

సంప్రదింపు: ఆగస్టు 13, ఉదయం 11.10, వీడియో, 14 నిమిషాలు. మొదటి సంప్రదింపు. రోగి ఇంట్లో ఉన్నారు, భర్త పక్కనే ఉండి కొన్ని వివరాలు చెప్పారు. పేరు, వయసు, ఊరు సరిచూశారు.

గమనించవలసింది: నిన్న రాత్రి మెడికల్ షాపులో ఇచ్చిన పేరు తెలియని నొప్పి బిళ్ళ వేసుకున్నారు. స్ట్రిప్ లేదు.

బాధలు: ఆగస్టు 10 రాత్రి నుంచి చలితో జ్వరం (భర్త ప్రకారం, రోగి రెండు రోజులన్నారు). ఒళ్ళు నొప్పులు, కళ్ళ వెనక నొప్పి, ఆకలి లేదు. ఈ ఉదయం ఒక వాంతి. నిన్న సాయంత్రం నుంచి మూత్రం రెండుసార్లు. పెళ్ళిలో కలిసిన బంధువుల పిల్లవాడికీ జ్వరం.

లేవన్నవి: రక్తస్రావం, షుగర్, బీపీ జబ్బు, మందులు పడకపోవడం.

వీడియోలో చూసినవి: స్పృహలో ఉండి సరిగా జవాబులిచ్చారు. ఊపిరి నిమిషానికి 20 (డాక్టరు లెక్కించారు). ఇంట్లో థర్మామీటరుతో ఉదయం 10కి 101.8 డిగ్రీల ఫారెన్‌హీట్ (భర్త చూశారు). రోగి తనే నొక్కుకుని కుడి పక్కటెముకల కింద నొప్పి లేదన్నారు.

అంచనా: డెంగీ అనుమానం, నిర్ధారణ కాలేదు. మలేరియా కూడా చూడాలి.

సలహా: పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకుండా. షాపు బిళ్ళ ఆపాలి. ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు. ఈరోజే సీబీసీ, ఎన్ఎస్1, మలేరియా పరీక్షలు. పీహెచ్‌సీలో బీపీ చూపించుకోవాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత, ఆరు గంటలు మూత్రం రాకపోవడం ఉంటే వెంటనే ఏరియా ఆసుపత్రికి. ఆగస్టు 14న మళ్ళీ కాల్.

హద్దులు: బీపీ, నాడి చూడలేదు. డాక్టరు పొట్టను, ఛాతీని పరీక్షించలేదు. కాలేయం, నీరు చేరడం తెలియవు. చేతి మీది ఎరుపు వెలుతురు చాలక తేలలేదు. ప్రమాద సూచనలు చెబుతుండగా 40 సెకన్లు లైన్ పోయింది. రక్తస్రావం, మగత గురించి భర్త తిరిగి చెప్పలేదు. గర్భం గురించి అడగలేదు.

ఐదారు పేజీలు దాదాపు ఒక పేజీకి దిగాయి. బాధ ఒక్కటీ పోలేదు, జరగని పరీక్ష ఒక్కటీ చేరలేదు. ఇది రాసింది సహాయకులైనా, చదివి సంతకం పెట్టవలసింది డాక్టరే. ఆ చదవడంలోనే చివరి వాక్యం కంటపడుతుంది. డాక్టరు మధ్యాహ్నం 12.05కి ఫోన్ చేసి నెలసరి గురించి అడుగుతారు, వదిలిపోయిన రెండు సూచనలు మళ్ళీ చెబుతారు. రోగి జవాబును పాత నోటులోకి తోసి మొదటి కాల్‌లోనే అడిగినట్టు దిద్దకూడదు. “12.05కి ఫోన్: నెలసరి గత వారమే వచ్చిందన్నారు, రక్తస్రావం, మగత గురించి మళ్ళీ చెప్పాం, భర్త తిరిగి చెప్పారు” అని సమయంతో కింద వేరే వాక్యంగా చేర్చాలి.

ఇదే రోగి ఇంటి నుంచి కాకుండా ఊళ్ళోని ఆరోగ్య కేంద్రం నుంచి మాట్లాడి ఉంటే హద్దుల భాగం చిన్నదయ్యేది. ఈ-సంజీవనిలో కేంద్రంలోని ఆరోగ్య సిబ్బంది రోగి పక్కన కూర్చుని పెద్ద డాక్టరుతో మాట్లాడించే ఏర్పాటు ఉంది. వాళ్ళు బీపీ, నాడి చూసి చెబుతారు. అప్పుడు ఆ అంకెలు ‘చూసినవి’ కింద, చూసినవారి హోదాతో సహా చేరతాయి. కాలేయం మాత్రం డాక్టరు చెయ్యి తగిలేదాకా హద్దుల్లోనే ఉంటుంది.

వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి వైద్య రికార్డును అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అది చేతికొచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. తాము చెప్పిన తేదీ, వేసుకున్న బిళ్ళల సంగతి అందులో ఉన్నాయా, తమకు జరగని పరీక్ష ఏదైనా జరిగినట్టు రాసి ఉందా అని చూసుకోవడం. తేడా ఉంటే అప్పుడే చెప్పాలి.

గురువారం రాత్రి జ్వరం దిగి, ఆమెకు కడుపులో నొప్పి మొదలైందనుకోండి. భర్త ఆ కాగితం పట్టుకుని ఏరియా ఆసుపత్రికి తీసుకొస్తాడు. డ్యూటీ డాక్టరు బాధలు ఒకసారి చదివి, పైనున్న నొప్పి బిళ్ళ మాట చూసి, నేరుగా హద్దుల దగ్గరకు వెళతారు. బీపీ, నాడి, పొట్ట, కాలేయం, ఛాతీ, సీబీసీ. నిన్న చూడలేకపోయినవే ఈ రాత్రి ముందుగా చూడవలసినవి. ఆ భాగంలో “అన్నీ మామూలుగానే ఉన్నాయి” అని ఉంటే, ఆయన మొదట చేయవలసిన పని ఏదో ఆ కాగితం దాచేసి ఉండేది.